పిండిని చూసి గింజను చెప్పగలమా?

చిత్తూరు జిల్లాలో, కుప్పం వైపు, శాంతిపురం అనే మండల కేంద్రం ఉంది. అక్కడ ఒక పాల సేకరణ కేంద్రం ఉందనీ, దానికి నాలుగు వందల మంది రైతులు పాలు పోస్తున్నారనీ అనుకుందాం. ఎన్ని లీటర్లు పోశారు, వెన్న శాతం ఎంత వచ్చింది, రావలసిన డబ్బు ఎంత అన్న లెక్కను రైతులు తమ ఫోనులోనే చూసుకోవచ్చు. అందుకోసం ప్రతి ఒక్కరికీ ఒక పాస్‌వర్డ్ ఉంటుంది. డబ్బు ఖాతాలో జమ చేయడానికి వారి ఆధార్ సంఖ్య కూడా కేంద్రం దగ్గర ఉంటుంది.

ఈ వివరాలన్నిటినీ కంప్యూటర్ ఒక పట్టికలో రాసుకుంటుంది. ఆ పట్టికకు సాధారణంగా `users` అని పేరు పెడతారు. ఒక్కొక్క రైతుకు ఒక్కొక్క అడ్డ వరుస. పేరుకు, పాస్‌వర్డుకు, ఆధార్ సంఖ్యకు ఒక్కొక్క నిలువు వరుస.

ఒక రాత్రి ఎవడో దొంగ ఈ పట్టికకు నకలు తీసుకుపోయాడనుకోండి. అందులో అన్నీ ఉన్నవి ఉన్నట్టుగా రాసి ఉంటే రెండు నష్టాలు. చాలామంది ఒకే పాస్‌వర్డును అన్నిచోట్లా వాడతారు కనుక, పాల లెక్క తెరిచే మాటతోనే రైతు ఈమెయిలు కూడా తెరుచుకోవచ్చు. ఇక ఆధార్ సంఖ్య సంగతి మరీ కష్టం. పాస్‌వర్డు పోతే కొత్తది పెట్టుకోవచ్చు. ఆధార్ సంఖ్యను అలా మార్చుకోలేం.

మరి ఈ రెండు వరుసలనూ ఎలా కాపాడాలి? రెండింటికీ ఒకే మందు పనిచేయదు. ఎందుకో చూద్దాం.

పాస్‌వర్డును దాచనక్కరలేదు

1960లలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో చాలామంది కలిసి వాడుకునే ఒక పెద్ద కంప్యూటర్ ఉండేది. అందులో పాస్‌వర్డులన్నీ ఒక ఫైలులో మామూలు అక్షరాల్లోనే ఉండేవి. ఇద్దరు నిర్వాహకులు ఒకే సమయంలో రెండు ఫైళ్లను దిద్దుతుండగా అవి తారుమారయ్యాయి. ఆ రోజు లోపలికి వచ్చిన ప్రతివారికీ స్వాగత సందేశానికి బదులు అందరి పాస్‌వర్డుల జాబితా కనిపించింది! ఇందులో దొంగ ఎవడూ లేడు. ఉన్నది ఉన్నట్టు రాసి పెట్టుకోవడమే అసలు తప్పు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. రైతు పాస్‌వర్డు ఏమిటో పాల కేంద్రానికి తెలియవలసిన అవసరం లేదు. ఇప్పుడు టైపు చేసిన మాట, మొదటిరోజు ఇచ్చిన మాట ఒకటేనా కాదా అన్నది తేలితే చాలు. అందుకని కంప్యూటర్ ఆ మాటను పిండి చేసి, పిండిని మాత్రమే దాచుకుంటుంది. మళ్లీ రైతు వచ్చి మాట చెప్పినప్పుడు దాన్నీ అలాగే పిండి చేసి, రెండు పిండ్లనూ పోల్చి చూస్తుంది. బియ్యాన్ని పిండి చేయగలం కాని, పిండిని తిరిగి గింజలుగా చేయలేం కదా! ఈ పిండినే 'హ్యాష్' అంటారు.

ఎస్.హెచ్.ఏ.-256 అనే పద్ధతిలో 12345కూ, 123456కూ వచ్చే హ్యాష్‌లు ఇవి:

```
12345   5994471abb01112afcc18159f6cc74b4f511b99806da59b3caf5a9c173cacfc5
123456  8d969eef6ecad3c29a3a629280e686cf0c3f5d5a86aff3ca12020c923adc6c92
```

ఒక్క అంకె చేర్చగానే మొత్తం మారిపోయింది. ఫలితాన్ని చూసి అసలు మాటను లెక్కకట్టే దారి లేదు.

చిటికెడు ఉప్పు

అయినా దొంగకు ఒక ఉపాయం ఉంది. పిండిని గింజ చేయలేకపోయినా, తనే రకరకాల గింజలు తెచ్చి పిండి చేసి పోల్చి చూడవచ్చు. జనం ఎక్కువగా పెట్టుకునే మాటలన్నిటికీ హ్యాష్‌లు ముందే కట్టి జాబితా చేసుకుంటాడు. పైన ఉన్న `8d969e...` పట్టికలో ఎక్కడ కనిపించినా అది 123456 అని వాడికి చూడగానే తెలిసిపోతుంది. పైగా ఇరవైమంది రైతులు ఒకే పాస్‌వర్డు పెట్టుకుంటే ఇరవై వరుసల్లోనూ ఒకే హ్యాష్ ఉంటుంది. ఒకటి దొరికితే ఇరవైమందీ దొరికినట్టే. 2012లో లింక్డిన్ సంస్థ నుంచి బయటపడిన సుమారు 65 లక్షల హ్యాష్‌లకు సరిగ్గా ఇదే గతి పట్టింది.

దీనికి విరుగుడు 'సాల్ట్', అంటే ఉప్పు. ప్రతి రైతుకూ కంప్యూటర్ ఒక యాదృచ్ఛిక సంఖ్యను పుట్టించి, దాన్ని పాస్‌వర్డుకు కలిపిన తరువాత హ్యాష్ కడుతుంది. కాగితం మీదే చేసి చూద్దాం. మన ఆట హ్యాష్ ఇది: సంఖ్యకు వర్గం కట్టి, చివరి మూడంకెలు తీసుకోవాలి. ఇద్దరు రైతుల రహస్య సంఖ్యా 2468 అనుకోండి. ఉప్పు లేకపోతే 2468 వర్గం 6091024. ఇద్దరికీ 024 వస్తుంది. మొదటి రైతుకు 17 ఉప్పుగా కలిపితే 2485 వర్గం 6175225, అతనికి 225. రెండో రైతుకు 53 కలిపితే 2521 వర్గం 6355441, అతనికి 441. రహస్యం ఒకటే, ఫలితాలు వేరు. 1468, 3468 వర్గాలు కూడా 024తోనే ముగుస్తాయి కనుక వెనక్కి వెళ్లే దారి కూడా లేదు. అయితే రెండు వేరువేరు మాటలకు ఒకే ఫలితం రావడం ఈ ఆట హ్యాష్‌కు లోపం. నిజమైన పద్ధతుల్లో అలాంటి జంటను వెతికి పట్టుకోవడం అసాధ్యంగా ఉండేటట్లు చూస్తారు.

ఉప్పు రహస్యం కాదు. అది హ్యాష్ పక్కనే ఉంటుంది. దొంగ ముందే కట్టుకున్న జాబితాను పనికిరాకుండా చేయడమే దాని పని. ఇప్పుడు వాడు నాలుగు వందల మందికీ విడివిడిగా, మొదటినుంచీ లెక్క మొదలుపెట్టాలి. 1979లో బెల్ లేబరేటరీస్‌కు చెందిన రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ యునిక్స్ పాస్‌వర్డుల మీద రాసిన వ్యాసంలో ఈ ఉపాయాన్ని వివరించారు. వారి ఉప్పు 12 బిట్లు, అంటే 4096 రకాలు. ఇప్పుడు 128 బిట్లు వాడుతున్నారు.

ఆ వ్యాసంలో ఇంకొక ఉపాయం కూడా ఉంది: రుబ్బడాన్ని కావాలనే ఆలస్యం చేయడం. ఇప్పటి 'బీక్రిప్ట్' పద్ధతిలో 12 అని చెబితే 2 ఘాతం 12, అంటే 4096 చుట్లు తిప్పుతుంది. 13 అంటే దానికి రెట్టింపు. సెకనులో కొంత భాగం ఆలస్యమైతే రైతుకు తెలియనైనా తెలియదు. కోట్ల మాటలు ప్రయత్నించవలసిన దొంగకు మాత్రం ఆ ఆలస్యం ఏళ్లకు ఏళ్లవుతుంది.

అయితే ఉప్పు వేసినా, ఆలస్యం చేసినా 123456 దక్కదు. దొంగ ప్రతి వరుస మీదా మొట్టమొదట ప్రయత్నించేది దాన్నే. మరొక పరిమితి మన లిపికి సంబంధించినది. బీక్రిప్ట్ 72 బైట్లకు మించి లెక్కలోకి తీసుకోదు. తెలుగులో ఒక్కొక్క గుర్తుకు 3 బైట్లు పడతాయి. 'శాంతిపురం' అన్న మాటలో గుణింతపు గుర్తులు, సున్నలు కలుపుకొని 9 గుర్తులున్నాయి. అంటే 27 బైట్లు. 24 గుర్తులు దాటిన తెలుగు పాస్‌వర్డులో మిగతాది లెక్కలోకి రాకుండా పోవచ్చు.

ఆధార్‌కు హ్యాష్ ఎందుకు చాలదు?

మరి ఆధార్ సంఖ్యకూ ఇలాగే హ్యాష్ కడితే సరిపోదా? సరిపోదు. మొదటి కారణం: డబ్బు జమ చేసేటప్పుడు కేంద్రానికి అసలు సంఖ్యే కావాలి. పిండి పనికిరాదు.

రెండో కారణం లెక్కకు సంబంధించినది. ఆధార్‌లో 12 అంకెలుంటాయి. మొదటి అంకె 0, 1 కాదు. అంటే 8 రకాలే. చివరి అంకె మిగతా 11 అంకెల నుంచి లెక్కకట్టిన తనిఖీ అంకె. కాబట్టి మొత్తం సంఖ్యలు 8 × 10<sup>10</sup>, అంటే 8,000 కోట్లు. వినడానికి పెద్దదే. కాని మామూలు హ్యాష్‌లను సెకనుకు 500 కోట్ల చొప్పున కట్టే యంత్రానికి ఇది 16 సెకన్ల పని! ఉప్పు కలిపినా ఒక్కొక్క రైతుకు 16 సెకన్లు. నాలుగు వందల మందికీ కలిపి రెండు గంటలు కూడా పట్టదు.

కనుక ఈ వరుసకు పిండి కాదు, తాళం వేసిన పెట్టె కావాలి. దీన్నే 'ఎన్‌క్రిప్షన్' అంటారు. ఏ.ఇ.ఎస్. అనే పద్ధతిలో 256 బిట్ల తాళం చెవితో సంఖ్యను గూఢలిపిగా మారుస్తారు. అదే చెవితో తిరిగి తెరుస్తారు. ప్రతి గడికీ ఒక కొత్త యాదృచ్ఛిక సంఖ్యను కలిపి తాళం వేస్తారు కనుక, ఒకే సంఖ్యను రెండుసార్లు రాసినా రెండు గడులూ ఒకేలా ఉండవు. దీనివల్ల ఒక ఇబ్బందీ ఉంది: 'ఈ ఆధార్ సంఖ్య ఇదివరకే ఉందా?' అని పట్టికలో నేరుగా వెతకలేం.

అన్నిటికన్నా ముఖ్యం చెవి ఎక్కడుందన్నది. అది అదే కంప్యూటర్‌లో, పట్టిక పక్కనే ఉంటే, తాళం వేసి చెవిని గుమ్మానికి తగిలించినట్టే. 2017లో ఆధార్ ప్రాధికార సంస్థ ఇచ్చిన ఆదేశం సరిగ్గా ఈ సంగతే చెప్పింది. ఆధార్ సంఖ్యలను తాళం వేసి విడిగా ఒక భాండాగారంలో ఉంచాలి. చెవిని అందుకోసమే చేసిన ప్రత్యేక యంత్రంలో దాచాలి. మిగతా పట్టికలన్నిటిలోనూ సంఖ్యకు బదులు ఒక గుర్తు మాత్రమే ఉండాలి.

మరి పాస్‌వర్డుకూ ఇలా తాళమే వేస్తే? 2013లో అడోబ్ సంస్థ నుంచి బయటపడిన పట్టికలో పాస్‌వర్డులకు హ్యాష్ లేదు, తాళం ఉంది. అందరికీ ఒకే చెవి; యాదృచ్ఛిక సంఖ్య లేదు. అందువల్ల ఒకే పాస్‌వర్డు ఉన్నవారి గడులు ఒకేలా కనిపించాయి. పక్కనే ఉన్న 'గుర్తు చేసే మాట'లను చదివి, చెవి లేకుండానే జనం ఎన్నో పాస్‌వర్డులను ఊహించగలిగారు.

తాళం కూడా అన్నిచోట్లా కాపాడలేదు. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో సుమారు 1,34,000 మంది ఆధార్ సంఖ్యలు బయటివారికి కనిపిస్తున్నాయని పత్రికల్లో వచ్చింది. చెవి ఉన్న కార్యక్రమమే పెట్టె తెరిచి, అందరికీ కనిపించే పుటలో సంఖ్యను పెడితే, లోపలి పట్టికకు ఎంత గట్టి తాళం ఉన్నా లాభం లేదు. అలాంటి చోట చివరి నాలుగంకెలు మాత్రమే చూపడమే మార్గం.

మీరే కనిపెట్టవచ్చు

పట్టిక సరిగా ఉందో లేదో చూపే గుర్తులు కొన్ని ఉన్నాయి. పాస్‌వర్డు వరుసలో ప్రతి గడీ `$2b$12$` లాగా మొదలై 60 అక్షరాలుంటే అది బీక్రిప్ట్: 12 అన్నది చుట్లను సూచించే సంఖ్య, తరువాతి 22 అక్షరాలు ఉప్పు, చివరి 31 అక్షరాలు హ్యాష్. రెండు గడులు అచ్చంగా ఒకేలా ఉంటే ఉప్పు లేనట్టే.

పట్టికను చూడకుండానే చేయగల పరీక్ష ఒకటుంది. ఏదైనా చోట 'పాస్‌వర్డు మరిచిపోయాను' అని నొక్కండి. కొత్తది పెట్టుకోమంటే మంచిదే. మీ పాత పాస్‌వర్డునే తిరిగి పంపిస్తే మాత్రం, అక్కడ పిండి లేదు. మీ గింజలే ఉన్నాయి.