మెయిల్ పోయినా ఆట ఖాతా దక్కాలంటే

వాడకుండా రెండేళ్లు వదిలేసిన వ్యక్తిగత జీమెయిల్ ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరులో అమల్లోకి తెచ్చింది. కాలేజీ రోజుల్లో తెరిచిన ఆ మెయిల్‌తోనే స్టీమ్‌లో ఆటలు కొన్న కుర్రాడి సంగతి చూడండి. పాస్‌వర్డ్ మరిచిపోయాడు, కోడేమో లేని చిరునామాకు పోతోంది. మెయిల్ నమోదులో ఒక అక్షరం తప్పి, దాన్ని ఎన్నడూ ధ్రువీకరించని వారిదీ ఇదే గతి.

ఖాతాకు ఫోన్ నంబరు జతచేసి ఉంటే కోడ్ ఎస్సెమ్మెస్‌లో తెప్పించుకోవచ్చు. అదీ లేకపోతే help.steampowered.com లో ఖాతా పేరు వెతికి, ఆ మెయిల్ తన చేతిలో లేదని తెలిపే వరుసను ఎంచుకోవాలి. అప్పుడొచ్చే ఫారంలో, పనిచేస్తున్న కొత్త మెయిల్‌తో పాటు ఖాతా తనదేననే రుజువూ ఇవ్వాలి.

రుజువంటే ఆధార్ కార్డు కాదు, కొనుగోలు జాడ. పాత ఆట డబ్బాలోని సీడీ కీ, ఆట కొన్నప్పటి చెల్లింపు వివరాలు అక్కరకొస్తాయి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ తేదీ, మొత్తం, లావాదేవీ సంఖ్య దొరుకుతాయి. కార్డు పూర్తి నంబరు, సీవీవీ మాత్రం ఎవరికీ పంపకూడదు.

పైసా ఖర్చుపెట్టకుండా ఉచిత ఆటలే ఆడినవారికి చూపడానికి పెద్దగా ఏమీ మిగలదు. వారి విన్నపం తిరస్కరణకు గురయ్యే అవకాశమే ఎక్కువ.