వర్క్‌షాప్ ప్రెషర్ గేజ్‌కు కాలిబ్రేషన్ పద్ధతి

చిన్న వర్క్‌షాపుల్లో వాడే ప్రెషర్ గేజ్‌లలో ఎక్కువ భాగం బోర్డన్ ట్యూబ్ రకానివి. వంపు తిరిగిన లోహపు గొట్టంలోకి గాలి గానీ నూనె గానీ ఒత్తిడితో చేరినప్పుడు ఆ వంపు కొద్దిగా విచ్చుకుంటుంది. ఆ కదలికను చిన్న లింకు, పళ్లచక్రాలు ముల్లుకు అందిస్తాయి. ఏళ్ల తరబడి అదురు, వేడి, ఒత్తిడి దెబ్బలు తగిలేసరికి గొట్టం అలసిపోతుంది, పళ్లు అరుగుతాయి. బయటికి మాత్రం ముల్లు మామూలుగానే తిరుగుతూ కనిపిస్తుంది. అందుకే గేజ్‌ను అప్పుడప్పుడు నమ్మదగిన మరో గేజ్‌తో పోల్చి చూడాలి. ఆ పని ఎవరు చేసినా ఒకే తీరుగా జరగాలంటే పద్ధతిని రాసి పెట్టుకోవాలి.

రాయవలసిన మొదటి విషయం హద్దు. గేజ్ డయల్ మీద 1.0, 1.6, 2.5 వంటి అంకె ఒకటి ఉంటుంది. అది పూర్తి స్కేలులో ఎంత శాతం తేడా రావచ్చో చెబుతుంది. 0 నుంచి 10 బార్ వరకు చూపే 1.6 తరగతి గేజ్‌కు అనుమతించే తేడా ఎటైనా 0.16 బార్. స్కేలులో ఎక్కడ చదివినా హద్దు ఇంతే. కాబట్టి 8 బార్ దగ్గర అది 2 శాతమైతే, 2 బార్ దగ్గర 8 శాతమవుతుంది. తక్కువ ఒత్తిళ్లు కొలవడానికి పెద్ద స్కేలు గేజ్ పనికిరాకపోవడానికి కారణం ఇదే.

పోల్చడానికి వాడే ప్రామాణిక గేజ్‌కు అనుమతించే తేడా, పరీక్షించే గేజ్ హద్దులో నాలుగో వంతుకు మించకూడదు. ఇక్కడ అది 0.04 బార్. దానికి ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రయోగశాల ఇచ్చిన, గడువు దాటని సర్టిఫికెట్ ఉండాలి. ఆక్సిజన్ గేజ్‌లను నూనె పంపుకు ఎప్పుడూ తగిలించకూడదని పద్ధతిలో విడిగా రాయాలి. లోపల మిగిలిన నూనె ఆక్సిజన్ ఒత్తిడికి భగ్గుమంటుంది.

తరువాత పని వరుస. గేజ్‌ను, ప్రామాణిక గేజ్‌ను ఒకే చేతిపంపుకు, వీలైనంత సమాన ఎత్తులో, గేజ్ పనిలో ఉండే భంగిమలోనే బిగించాలి. గది వేడికి అలవాటు పడేదాకా రెండింటినీ వదిలేయాలి. అద్దం పగులు, ముల్లు వంపు, లీకు ఉన్నాయేమో చూసి, ఒత్తిడి లేనప్పుడు ముల్లు సున్నా మీద ఉందో లేదో రాసుకోవాలి. గేజ్‌ను రెండు మూడు సార్లు పూర్తి స్కేలు దాకా ఎక్కించి దించాలి. ఆపైన 0, 2, 4, 6, 8, 10 బార్‌ల దగ్గర ఎక్కే వరుసలో, మళ్లీ దిగే వరుసలో చదవాలి. ప్రతిసారీ గేజ్ ముల్లును గీత మీదికి తెచ్చి, వేలితో మెల్లగా తట్టి, ప్రామాణిక గేజ్ అంకెను రాయాలి. ఎక్కేటప్పుడు ముల్లు గీత దాటిపోతే కాస్త తగ్గించి సరిచేయకూడదు. ఇంకా కిందికి దించి మళ్లీ ఎక్కించాలి. లేకపోతే ఎక్కే, దిగే రీడింగులు కలిసిపోతాయి.

గేజ్ చూపినదానిలోంచి ప్రామాణిక గేజ్ అంకెను తీసేస్తే వచ్చేది తేడా. ఉదాహరణకు ఒక గేజ్ ఎక్కేటప్పుడు 6 దగ్గర +0.09, 8 దగ్గర +0.12, 10 దగ్గర +0.15 బార్ తేడా చూపిందనుకుందాం. అన్నీ హద్దులోనే ఉన్నాయి. దిగేటప్పుడు మాత్రం 8 దగ్గర ప్రామాణిక గేజ్ 7.82 చూపింది. తేడా +0.18 కనుక గేజ్ తప్పినట్టే. ఎక్కే వరుసతో ఆపేసి ఉంటే ఇది పట్టుబడేది కాదు. తేడా అన్ని చోట్లా ఒకేలా ఉంటే ముల్లు జరిగిందని, ఒత్తిడితోపాటు పెరుగుతూ పోతే లింకు సర్దుబాటు తప్పిందని అనుమానించాలి. ఎక్కే, దిగే రీడింగుల మధ్య ఎడం పెద్దదైతే అరుగుదలో, గొట్టం అలసటో కావచ్చు. అలాంటి గేజ్‌ను మార్చడమే మేలు.

రికార్డులో గేజ్ నంబరు, స్కేలు, తరగతి, ఉన్న చోటు, తేదీ, గది వేడి, ప్రామాణిక గేజ్ సర్టిఫికెట్ నంబరు, రెండు వరుసల రీడింగులు, తీర్పు, చేసినవారి సంతకం ఉండాలి. సర్దుబాటు చేస్తే అంతకుముందు దొరికిన రీడింగులను చెరపకుండా ఉంచి, పరీక్ష మొత్తం మళ్లీ చేసి ఆ అంకెలు పక్కన రాయాలి. పాత అంకెలే అసలైన సాక్ష్యం. పై గేజ్‌తో గొట్టాలను 8 బార్‌కు పరీక్షించి ఉంటే వాటికి నిజంగా అందింది 8 కన్నా తక్కువే. కిందటి కాలిబ్రేషన్ తరువాత పరీక్షించిన గొట్టాల్లో ఏవి మళ్లీ చూడాలో ఆ అంకెలే చెబుతాయి. అదే గేజ్ కంప్రెసర్ ట్యాంకు మీద ఉంటే తేడా భద్రత వైపే మొగ్గుతుంది. తక్కువ చూపే గేజ్ అయితే ప్రమాదం తలకిందులై ట్యాంకు మీద పడుతుంది.

నెగ్గిన గేజ్‌కు తదుపరి తేదీతో చీటీ అంటించాలి, తప్పినదాన్ని పనిలోంచి తీసి విడిగా పెట్టాలి. మామూలుగా ఏడాదికొకసారి చాలు. తేడా 0.12 దాటినా హద్దులోనే ఉంటే గడువును సగానికి తగ్గించడం, గేజ్ కింద పడినా స్కేలు మించి ఒత్తిడి తగిలినా గడువు చూడకుండా వెంటనే పరీక్షించడం అనే రెండు నియమాలు పద్ధతిలో చివర చేర్చాలి.