మీకు తెలుసా? పోటీదారు సరుకు పెంచితే తగ్గాలి, ధర పెంచితే పెంచాలి

ఒకే చింతపండు, రెండుచోట్లా ఇద్దరేసి పోటీదారులు. అయినా ఎదుటివాడి ఎత్తుకు లాభదాయకమైన జవాబు అమ్మేచోట ఒక దిక్కుకు, కొనేచోట ఇంకో దిక్కుకు వంగుతుంది.

లెక్క కోసం పాచిపెంట కొండల చింతపండును పట్నంలో అమ్మే ఇద్దరు వ్యాపారులను ఊహించుకుందాం. ఖర్చులు పోను మిగిలేది కిలోకు 60 రూపాయలతో మొదలై, మార్కెట్‌కు వచ్చే ప్రతి క్వింటాలుకూ ఒక రూపాయి చొప్పున తగ్గుతుంది. ఇద్దరూ చెరో 20 క్వింటాళ్లు తెస్తున్నారు. ఒకడు 24 తెచ్చాడు. రెండోవాడు 20 దగ్గరే ఉంటే కిలోకు 16 చొప్పున 32,000 వస్తుంది. 18కి తగ్గితే కిలోకు 18 చొప్పున 32,400. అందుకే తగ్గుతాడు: పోటీదారు ఎత్తుకు జవాబును చూపే గీత కిందికి వాలింది.

కొనేటప్పుడు పోటీ ధరతో. గిరిజనుల దగ్గర అటవీ ఉత్పత్తులు కొనేందుకు 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ చింతపండుకు తానిచ్చే ధర పెంచిందనుకోండి. పాత ధరకే కూర్చుంటే ప్రైవేటు వ్యాపారికి సరుకు జారిపోతుంది కాబట్టి అతనూ కొంత పెంచక తప్పదు. ఇక్కడ గీత పైకి లేస్తుంది. సంస్థకు అమ్మని గిరిజనులకూ దాని ధర మేలు చేసేది ఇలాగే.

ఈ రెండు వాలులకు వరుసగా వ్యూహాత్మక ప్రత్యామ్నాయాలు, వ్యూహాత్మక పూరకాలు అన్న విభజనను 1985లో ఆర్థికవేత్తలు బులో, జియానకోప్లస్, క్లెంపెరర్ స్థిరపరిచారు. అయితే సరుకు పోటీలో వాలు ఎప్పుడూ కిందికే అనుకోకూడదు. సరుకు పెరిగేకొద్దీ ధర పతనం నెమ్మదించే మార్కెట్లో, పెద్ద వాటా ఉన్నవాడు పోటీదారు పెంచితే తానూ పెంచవచ్చు.