కంటిలో మెరుపులు, కొత్త చుక్కలు: ఏది వయసు, ఏది ప్రమాదం

కంటి లోపల ఎక్కువ చోటును విట్రియస్ అనే పారదర్శకమైన జెల్లీ ఆక్రమించి ఉంటుంది. సుమారు 4 మిల్లీలీటర్ల ఈ జెల్లీలో దాదాపు అంతా నీరే. దానికి ఆకారం ఇచ్చేవి అందులోని సన్నని కొలాజెన్ పోగులు. వెనకవైపు అది రెటీనాను అంటిపెట్టుకుని ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ జెల్లీ అక్కడక్కడా నీరుగా మారుతుంది, పోగులు కలిసి ముద్దకడతాయి. వాటి నీడ రెటీనా మీద పడితే కళ్ల ముందు చుక్కలో, దారాలో తేలుతున్నట్టు కనిపిస్తుంది. తెల్లగోడనో ఆకాశాన్నో చూసినప్పుడు ఇవి బాగా తెలుస్తాయి. ఏళ్ల తరబడి మార్పు లేకుండా ఉన్న చుక్కల గురించి భయపడనక్కర్లేదు.

కొత్తగా వచ్చిన చుక్కల సంగతి వేరు. యాభై దాటిన చాలామందిలో ఏదో ఒకనాడు, పలచబడిన జెల్లీ రెటీనా నుంచి విడిపోయి ముందుకు జరుగుతుంది. ఇది జబ్బు కాదు, వయసుతో వచ్చే మార్పు. మైనస్ పవర్ ఎక్కువగా ఉన్నవారిలో, శుక్లాల ఆపరేషన్ అయినవారిలో ఇంకా ముందే రావచ్చు. విడిపోయేటప్పుడు జెల్లీ రెటీనాను లాగుతుంది. రెటీనాకు నొప్పి తెలియదు, వెలుగే తెలుసు. అందుకే ఆ లాగుడు కూడా మెరుపుగానే కనిపిస్తుంది. ఈ మెరుపు సాధారణంగా చూపు అంచున, చీకట్లో, కన్ను తిప్పినప్పుడు క్షణకాలం వచ్చి పోతుంది.

జెల్లీ అంతటా మెత్తగా విడిపోతే చిక్కులేదు. గోడకు అంటించిన పోస్టర్‌ను లాగినప్పుడు జిగురు గట్టిగా పట్టిన చోట సున్నం పెచ్చు కూడా ఊడివచ్చినట్టు, జెల్లీ బలంగా అతుక్కున్న చోట రెటీనా చిరుగుతుంది. ఇలా కొత్త లక్షణాలతో వచ్చినవారిలో సుమారు ఏడుగురిలో ఒకరికి చిరుగు కనిపిస్తుంది. ఆ చిరుగులోంచి నీరు వెనక్కి చేరితే రెటీనా కంటిగోడ నుంచి ఊడిపోతుంది.

అయితే మామూలు విడిపోవడంలోనూ, చిరుగులోనూ మొదటి లక్షణాలు ఒక్కటే. ఇంట్లో కూర్చుని తేడా తేల్చుకోవడం ఎవరివల్లా కాదు. కొన్ని గుర్తులు మాత్రం అపాయం వైపు గట్టిగా చూపిస్తాయి: ఒక్కసారిగా జల్లులా కురిసే సన్నని నల్లచుక్కలు, చూపులో పొగలాంటి మసక, పక్కనుంచో పైనుంచో తెర దిగుతున్నట్టు కమ్మే నీడ. ఆ చుక్కలు చిట్లిన రక్తనాళం నుంచి వచ్చిన రక్తం కావచ్చు, చిరుగులోంచి రాలిన రంగు కణాలు కావచ్చు. కన్ను ఎర్రబడదు, నొప్పి ఉండదు. అందుకే చాలామంది మందుల షాపులో చుక్కల మందు కొనుక్కుని రోజులు గడిపేస్తారు. చూపు పోవడానికి దారితీసే జాప్యం ఇదే.

మైనస్ ఆరు అద్దాలు వాడే 58 ఏళ్ల వ్యక్తిని ఉదాహరణగా తీసుకుందాం. రాత్రి కుడికంటి పక్కన మెరుపులు వచ్చాయి, తెల్లారేసరికి ఉంగరంలాంటి చుక్క కనిపించింది. అదేరోజు కంటి డాక్టరు కనుపాపను పెద్దది చేసే మందు వేసి, రెటీనా అంచుల దాకా పరీక్షించారు. జెల్లీ విడిపోయింది, చిరుగు లేదు. ఇక్కడితో కథ ముగిసిందనుకోకూడదు. మొదట ఏమీ కనిపించని కొద్దిమందిలో తర్వాతి కొన్ని వారాల్లో చిరుగు పడవచ్చు. అందుకే డాక్టరు నెలా, నెలన్నర లోపు మళ్లీ రమ్మన్నారు, లక్షణాలు మారితే వెంటనే రమ్మన్నారు. పదోరోజు నల్లచుక్కలు జల్లుగా కురిశాయి. ఈసారి పరీక్షలో రెటీనా పైఅంచున గుర్రపు నాడా ఆకారంలో చిరుగు దొరికింది.

రెటీనా ఇంకా ఊడలేదు కాబట్టి లేజర్ సరిపోయింది. చిరుగు చుట్టూ వరుసలుగా చిన్న కాలిన మచ్చలు పెడతారు. అవి గట్టిపడి రెటీనాను గోడకు అతికించడానికి రెండు వారాల దాకా పడుతుంది. లేజర్ చుక్కలను పోగొట్టదు, రెటీనా ఊడకుండా ఆపుతుంది. చుక్కలు చాలామందిలో కొన్ని నెలల్లో పలచబడి, మెదడు వాటిని పట్టించుకోవడం మానేస్తుంది. ఇదే వ్యక్తి తెర కమ్మేదాకా ఆగితే ఆపరేషన్ తప్పేది కాదు. రెటీనా మధ్యభాగం ఊడకముందు చేసిన ఆపరేషన్‌కూ, ఊడాక చేసినదానికీ మిగిలే చూపులో చాలా తేడా ఉంటుంది.

రెండు కళ్లలోనూ వంకరటింకర గీతల్లా మెరుస్తూ విస్తరించి, ఇరవై ముప్పై నిమిషాల్లో తగ్గిపోయే వెలుగు సాధారణంగా మైగ్రేన్‌కు చెందినది.

మెరుపులో, కొత్త చుక్కలో మొదలైతే ఆ రోజే, కుదరకపోతే మర్నాడైనా కనుపాపను పెద్దది చేసి చూసే పరీక్ష చేయించుకోవాలి. తెరలాంటి నీడ కనిపిస్తే మాత్రం మర్నాటి దాకా ఆగకూడదు. పరీక్ష తర్వాత కొన్ని గంటలు చూపు మసగ్గా ఉంటుంది కనుక బండి నడపకుండా, తోడు మనిషిని వెంటబెట్టుకుని వెళ్లాలి.