ఆదివారం రాత్రి 9 గంటల వరకే: లాంచ్ ఈమెయిల్ రాసేదెలా?

ఫోన్ వెనక అయస్కాంతంతో అతుక్కుని, వైరు లేకుండా చార్జ్ చేసే పవర్ బ్యాంకును ఒక చిన్న వ్యాపారి అమ్మకానికి తెస్తున్నారనుకుందాం. సామర్థ్యం 10,000 ఎంఏహెచ్. ధర 1,999 రూపాయలు, ముందుగా కొనేవారికి 1,499. ఈ సంగతిని పాత కస్టమర్లకు ఈమెయిల్‌లో చెప్పాలి.

రాయడానికి కూర్చునే ముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది. తగ్గింపు ఎక్కడ ఆగుతుంది? గడువు దగ్గరా, సరుకు దగ్గరా? ‘మొదటి 200 మందికి, ఆదివారం వరకు’ అని రెండూ కలిపి రాస్తే చిక్కే. శనివారానికే 200 అమ్ముడైతే, ఆ తర్వాత వచ్చినవారికి మెయిల్‌లో గడియారం ఇంకా తిరుగుతూ కనిపిస్తుంది, వెబ్‌సైట్‌లో మాత్రం పూర్తి ధర ఉంటుంది. మోసపోయామనే అనుకుంటారు. చేతిలో సరిపడా సరుకుంటే గడువు ఒక్కటే పెట్టుకోవడం మేలు.

తర్వాత సబ్జెక్ట్ లైన్. ఫోన్ తెరపై అందులో మొదటి నాలుగైదు మాటలే కనిపిస్తాయి. ‘త్వరపడండి! అద్భుత అవకాశం!’ అని రాస్తే వస్తువేమిటో తెలియకుండానే ఆ చోటు అయిపోతుంది. ‘వైర్‌లెస్ పవర్ బ్యాంక్ 1,499కే, ఆదివారం వరకు’ అంటే వస్తువు, ధర, గడువు మూడూ చెప్పినట్టే. దాని పక్కనో కిందో కనిపించే చిన్న వాక్యాన్ని కూడా మనమే రాసి పెట్టాలి. లేకపోతే మెయిల్‌లో మొదట ఏ మాటలుంటే అవే అక్కడికి వచ్చి కూర్చుంటాయి.

మెయిల్ లోపల ఇంత చాలు:

‘నమస్తే అండీ. మా కొత్త పవర్ బ్యాంక్ ఈ రోజు నుంచి దొరుకుతుంది. ఫోన్ వెనక ఆనిస్తే చాలు, చార్జింగ్ మొదలవుతుంది. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న ఫోన్‌ను వైరు లేకుండా ఒకసారి పూర్తిగా నింపి, పైన ఇంకొంత ఇస్తుంది. ఐఫోన్ 12 తర్వాత వచ్చిన చాలా ఐఫోన్లకు నేరుగా అతుక్కుంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే వైర్‌లెస్ చార్జింగ్ ఉందో లేదో చూసుకోండి, అయస్కాంతం ఉన్న కేసు కూడా కావాల్సి రావచ్చు. 14వ తేదీ ఆదివారం రాత్రి 9 గంటల వరకు ధర 1,499 రూపాయలు. ఆ తర్వాత 1,999.’

దీని కింద ‘1,499కి కొనండి’ అనే బటన్ ఒక్కటే ఉండాలి.

10,000లో 5,000 రెండుసార్లు ఉంది కదా, ఒకసారే అని ఎందుకు రాశాం? వైర్‌లెస్ చార్జింగ్‌లో కొంత శక్తి వేడిగా పోతుంది, వోల్టేజీ మార్చేటప్పుడు ఇంకొంత పోతుంది. రెండుసార్లు నిండుతుందని రాస్తే మొదటి వారంలోనే ఫిర్యాదులు వస్తాయి. ఏ ఫోన్‌కు సరిపోదో ముందే చెబితే వాపసులూ తగ్గుతాయి.

ఇక కౌంట్‌డౌన్. వెబ్ పేజీలో పనిచేసే జావాస్క్రిప్ట్ ఈమెయిల్‌లో పనిచేయదు. అందుకే అక్కడ కనిపించే గడియారం నిజానికి ఒక కదిలే బొమ్మ. మెయిల్ తెరిచినప్పుడు సర్వర్ మిగిలిన సమయం లెక్కకట్టి దాన్ని తయారుచేసి పంపుతుంది. ఇది అన్నిచోట్లా కుదరదు. కంప్యూటర్‌లో వాడే పాత అవుట్‌లుక్ మొదటి బొమ్మ దగ్గరే ఆగిపోతుంది. ఆపిల్ మెయిల్‌లో 2021లో వచ్చిన గోప్యతా సదుపాయాన్ని వాడేవారికి, బొమ్మలు మెయిల్ తెరవకముందే దిగిపోవచ్చు. అప్పుడు ఆదివారం సాయంత్రం తెరిచినవారికి కూడా ‘ఇంకా 2 రోజులు’ అని కనిపించే వీలుంది. అందుకని తేదీ, గంట అక్షరాల్లో ఉండాల్సిందే, గడియారం దానికి తోడు మాత్రమే. విదేశాల్లో కస్టమర్లుంటే ‘భారత కాలమానం ప్రకారం’ అని కూడా చేర్చాలి. ఆ సదుపాయం వల్ల తెరవని మెయిల్ కూడా తెరిచినట్టే లెక్కలోకి వస్తుంది కాబట్టి, మెయిల్ ఫలించిందో లేదో ఆర్డర్లను చూసి తేల్చుకోవాలి.

గడువు అయిపోగానే మళ్లీ మొదలయ్యే గడియారాలు కొన్నిచోట్ల కనిపిస్తాయి. అది కస్టమర్‌ను మోసం చేయడమే. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న నోటిఫై చేసిన మార్గదర్శకాల్లో 13 రకాల మోసపూరిత పద్ధతులున్నాయి. వాటిలో మొదటిది లేని తొందర కల్పించడం. కాబట్టి సోమవారం ధర నిజంగానే 1,999 కావాలి. ఇంతవరకూ అమ్మని కొత్త వస్తువుకు ‘పాత ధర’ అని ఒక అంకె రాసి కొట్టేయడమూ తగదు.

అమ్మకం మొదలయ్యే రోజు ఒక మెయిల్, ఆదివారం మధ్యాహ్నం ఒక గుర్తుచేత సరిపోతాయి. రెండోది పంపేముందు, అప్పటికే కొన్నవారి పేర్లు జాబితాలోంచి తీసేయాలి.

రాత్రి 9:20కి ఎవరో ఒకరు ‘ఆలస్యమైందండీ, పాత ధరకే ఇస్తారా?’ అని రాస్తారు. జవాబు ముందే సిద్ధంగా ఉంచుకోవాలి. 9 గంటల లోపు కొనబోతే పేమెంట్ ఆగిపోయినవారికి 1,499కే ఇవ్వడం న్యాయం. మిగతావారికి మర్యాదగా కాదనాలి. లేకపోతే గడువు లోపల కొన్నవారికి చెప్పిన మాట అబద్ధమవుతుంది, తర్వాతి మెయిల్‌లో పెట్టే గడువును ఎవరూ నమ్మరు.