చిన్నబడిన ఆకు ఏం చెబుతుంది? ఫైకస్ బోన్సాయ్‌లో ఒత్తిడి, వేరుకుళ్ళు: ఛాయాచిత్రాల ఆధారంగా గుర్తింపు

బోన్సాయ్ పెంపకంలో ఆకు చిన్నబడటం కోరుకునే ఫలితం. వేర్లు కుళ్ళుతున్నప్పుడు కూడా ఆకు చిన్నబడుతుంది. మొదటిదాన్ని జబ్బుగా భావించి నీరు, ఎరువు పెంచితే ఆరోగ్యంగా ఉన్న వేర్లే దెబ్బతింటాయి. రెండోదాన్ని ఒత్తిడిగా భావించి వేచి ఉంటే చెట్టు దక్కదు. అందువల్ల ఒక్క ఆకును కాక, ఆకును మొదలుతో కలిపి చూడవలసి ఉంటుంది.

నర్సరీలలో విరివిగా లభించే ఫైకస్ మైక్రోకార్పాను ఉదాహరణగా తీసుకోవచ్చు. వానాకాలపు ఆరంభంలో, బలంగా ఉన్న చెట్టుకు తొడిమలు మిగిల్చి ఆకులన్నీ కత్తిరించి, కొమ్మలకు తీగ చుట్టారనుకుందాం. వెచ్చని వాతావరణంలో రెండు మూడు వారాలకు చిగుళ్ళు వస్తాయి. ఆరు సెంటీమీటర్ల ఆకు స్థానంలో నాలుగు సెంటీమీటర్లదే రావచ్చు. అయితే అది నిగనిగలాడుతుంది, క్రమంగా ముదురు రంగుకు తిరుగుతుంది. చిగుళ్ళు చెట్టంతటా దాదాపు ఒకేసారి విచ్చుకుంటాయి. ఇది తీర్చిదిద్దిన ఒత్తిడి మాత్రమే.

వేరుకుళ్ళు సోకిన చెట్టులోనూ ఆకు కొలత అంతే ఉండవచ్చు, కానీ అది పాలిపోయి ఉంటుంది. కొన్ని మొగ్గలు విచ్చుకోకుండానే నల్లబడతాయి. మట్టి తడిగా ఉన్నా ఆకులు వాడుతాయి. ఫొటోలో తడిమట్టి, వాడిన ఆకు కలిసి కనిపించడమే అన్నింటికంటే బలమైన ఆధారం.

కాండంపై తీగ వదిలిన గాడి మెలికలుగా, క్రమంగా సాగుతుంది. జబ్బు మచ్చకు అటువంటి క్రమం ఉండదు. అక్కడ బెరడు నల్లబడి లోపలికి కుంగుతుంది. ఫైకస్ బెరడుపై సహజంగా ఉండే లేత చుక్కలను పొలుసు పురుగులుగా పొరబడేవారూ ఉన్నారు. గోటితో గీకితే పురుగు ఊడివస్తుంది, చుక్క ఊడదు.

వేరుమొదలు ఫొటోను మట్టి మట్టానికి సమానమైన ఎత్తునుంచి, పగటి వెలుతురులో, పక్కన కొలబద్ద ఉంచి, ప్రతివారం ఒకే దూరంనుంచి తీయాలి. మట్టిని ఆనుకున్న బెరడు వారం వారం ముడతలు పడుతుంటే, లేదా నల్లని మరక పైకి పాకుతుంటే వేర్లను అనుమానించాలి. ఒకే చిత్రంలోని మరక కేవలం తడి కావచ్చు.

మెత్తదనం, దుర్వాసన ఛాయాచిత్రంలో కనబడవు. అనుమానం కలిగినప్పుడు చెట్టును కుండీనుంచి మెల్లగా పైకెత్తి చూడాలి. ఆరోగ్యమైన వేరు గట్టిగా ఉంటుంది. కుళ్ళినది గోధుమ, నలుపు రంగుల్లో ఉండి, వేళ్ళ మధ్య లాగితే పైపొర జారిపోయి సన్నని నార మాత్రమే మిగులుతుంది. ఆ వేరును గట్టి భాగం వరకు కత్తిరించి, చెట్టును నీరు త్వరగా ఇంకే గరుకు మట్టిలోకి మార్చాలి. కొత్త ఆకులు గట్టిపడేవరకు తీగ చుట్టడం, ఎరువు వేయడం రెండూ ఆపాలి.