సోడా వేస్తే బుడగలు పెరిగాయి, మరి ఆక్సిజన్ ఎక్కడిది?

బడిలో చేసిన హైడ్రిల్లా ప్రయోగం చాలామందికి గుర్తుండే ఉంటుంది. బీకరు నీళ్లలో హైడ్రిల్లా రెమ్మలు వేసి, వాటి మీద గరాటు బోర్లించి, గరాటు కాడపై నీళ్లు నింపిన పరీక్షనాళికను తలకిందులుగా నిలబెడతారు. ఎండలో పెట్టిన కాసేపటికి కోసిన కాడల చివర్ల నుంచి బుడగలు లేచి నాళికలో చేరతాయి. నీళ్లలో చిటికెడు వంటసోడా కలిపితే బుడగలు జోరందుకుంటాయి. వంటసోడా అంటే సోడియం బైకార్బొనేట్. మొక్కకు కావలసిన కార్బన్ డయాక్సైడ్ దాని నుంచి అందుతుంది.

ఇప్పుడు ఇంటర్ పరీక్షల్లోనూ ప్రవేశపరీక్షల్లోనూ తిరిగి తిరిగి వచ్చే తరహా ప్రశ్న ఒకటి తీసుకుందాం. కిరణజన్య సంయోగక్రియలో ఆక్సిజన్ ఎక్కడ విడుదలవుతుంది? స్ట్రోమాలో, కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెరగా మార్చే కాల్విన్ వలయంలోనా? థైలకాయిడ్ పొరల దగ్గర, కాంతి చర్యల్లోనా? రెండోదే సరైన జవాబు. కానీ బాగా ఆలోచించే పిల్లలు కూడా మొదటిదాన్ని ఎంచుకుంటారు. ఎందుకని అడిగితే వాళ్ల దగ్గర కారణం సిద్ధంగా ఉంటుంది. సోడా వేస్తే కార్బన్ డయాక్సైడ్ పెరిగింది, దాన్ని వాడుకునేది కాల్విన్ వలయం, బుడగలూ పెరిగాయి, కాబట్టి ఆక్సిజన్ అక్కడి నుంచే వచ్చింది. తాము చూసిన దాన్ని బట్టి కట్టుకున్న వాదన ఇది. అందుకే సరైన జవాబును పదిసార్లు చదివించినా, ప్రశ్నను కాస్త తిప్పి అడగగానే పాత జవాబే బయటికి వస్తుంది. ఆ వాదన ఎక్కడ తెగుతుందో చూపిస్తే తప్ప పొరపాటు పోదు.

పుస్తకంలో ఉండే సమీకరణం కూడా ఈ పొరపాటుకు ఊతమిస్తుంది.

6CO2 + 6H2O → C6H12O6 + 6O2

ఎడమవైపు ఆరు కార్బన్ డయాక్సైడ్లు, కుడివైపు ఆరు ఆక్సిజన్లు. చూడగానే కార్బన్‌ను ఉంచుకుని, దాన్ని అంటిపెట్టుకున్న ఆక్సిజన్‌ను వదిలేసినట్టే ఉంటుంది. కానీ పరమాణువులు లెక్కపెట్టండి. బయటికి వచ్చే ఆరు ఆక్సిజన్ అణువుల్లో 12 ఆక్సిజన్ పరమాణువులు ఉన్నాయి. ఆరు నీటి అణువుల్లో ఉన్నవి ఆరే. ఆక్సిజన్ అంతా నీటి నుంచే రావాలంటే 12 నీటి అణువులు విడిపోవాలి. నిజంగా జరిగేదీ అదే. సమీకరణాన్ని కుదించకుండా రాస్తే ఇలా ఉంటుంది.

6CO2 + 12H2O → C6H12O6 + 6O2 + 6H2O

నీటిలోని 12 ఆక్సిజన్ పరమాణువులూ గాలిలోకి పోయాయి. కార్బన్ డయాక్సైడ్‌లోని 12లో ఆరు చక్కెరలో కుదురుకున్నాయి, మిగిలిన ఆరు కొత్తగా పుట్టిన నీటిలో చేరాయి. రెండువైపులా ఉన్న నీటిని కొట్టేసి పొట్టి సమీకరణం రాసుకోవడంతో అసలు కథ కనబడకుండా పోయింది. నా అభిప్రాయంలో బడి పుస్తకంలో మొదట పొడవాటి సమీకరణమే ఉండాలి, పొట్టిది తర్వాత నేర్పవచ్చు.

లెక్క సరిపోయినంత మాత్రాన రుజువైనట్టు కాదు. రుజువు 1941లో అమెరికాలోని బర్కిలీ నుంచి వచ్చింది. శామ్యూల్ రూబెన్, మార్టిన్ కామెన్, వాళ్ల సహచరులు కలిసి క్లోరెల్లా అనే ఏకకణ శైవలంపై ప్రయోగం చేశారు. మామూలు ఆక్సిజన్ పరమాణువు భారం 16. భారం 18 ఉన్న ఆక్సిజన్ కూడా ప్రకృతిలో ఉంది, కానీ వంద పరమాణువులకు 0.20 మాత్రమే. ఈ బరువైన రకం 0.85 శాతం ఉండేలా చేసిన నీటిని వాళ్లు శైవలానికి ఇచ్చారు. బైకార్బొనేట్‌లో మాత్రం మామూలు ఆక్సిజనే ఉంచారు. బయటికి వచ్చిన వాయువును పరీక్షిస్తే బరువైన ఆక్సిజన్ వాటా నీటిలో ఉన్నంతే ఉంది. ఆ తర్వాత తిరగేసి, మామూలు నీళ్లు, బరువైన బైకార్బొనేట్ ఇచ్చి చూశారు. ఈసారి వచ్చింది మామూలు ఆక్సిజన్. నీరు ఎలాంటిదైతే వాయువూ అలాంటిదే.

అంతకు కొన్నేళ్ల ముందే ఇంగ్లండ్‌లో రాబిన్ హిల్ మరోవైపు నుంచి ఇదే సంగతిని పట్టుకున్నాడు. ఆకుల్ని నూరి హరితరేణువుల్ని విడదీశాడు. కార్బన్ డయాక్సైడ్ బదులు ఎలక్ట్రాన్లను అందుకోగల ఇనుప లవణాన్ని వాటికి ఇచ్చి వెలుగు చూపించాడు. చక్కెర తయారుకాలేదు, ఆక్సిజన్ మాత్రం వచ్చింది. కార్బన్ డయాక్సైడ్ లేకుండానే వచ్చిందంటే, ఆక్సిజన్‌కూ కార్బన్ డయాక్సైడ్‌కూ పుట్టుక సంబంధం లేదన్నమాట.

మరి సోడా వేస్తే బుడగలెందుకు పెరిగాయి? విద్యార్థి మనసులోని అసలు సందేహం ఇదే. దీనికి జవాబు చెప్పకుండా దాటేసే పాఠం సగం పాఠమే.

హరితరేణువు లోపల సంచుల్లాంటి చదునైన పొరలు దొంతరలుగా పేర్చి ఉంటాయి. అవే థైలకాయిడ్లు. వాటి చుట్టూ ఉండే ద్రవం స్ట్రోమా. థైలకాయిడ్ పొరలో ఫోటోసిస్టమ్-2 అనే ప్రొటీన్ల కూటమి ఉంది. దానికి సంచి లోపలి వైపున నాలుగు మాంగనీసు పరమాణువులు, ఒక కాల్షియం పరమాణువు ఉన్న చిన్న కేంద్రం అతుక్కుని ఉంటుంది. నీరు విడిపోయేది సరిగ్గా అక్కడే. ఫోటోసిస్టమ్-2 వెలుగును పీల్చుకున్న ప్రతిసారీ ఆ కేంద్రం నుంచి ఒక ఎలక్ట్రాన్ పోతుంది. నాలుగు పోయాక రెండు నీటి అణువులు విడిపోయి ఒక ఆక్సిజన్ అణువు పుడుతుంది. ఎలక్ట్రాన్లు పొర వెంట సాగి, స్ట్రోమా వైపున ఎన్‌ఏడీపీ అనే వాహకాన్ని చేరతాయి. ఎలక్ట్రాన్లతో నిండిన ఆ వాహకమే ఎన్‌ఏడీపీహెచ్. దారిలో ఏటీపీ కూడా తయారవుతుంది. కాల్విన్ వలయం ఈ రెండింటినీ ఖర్చుపెట్టి కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెరగా మారుస్తుంది, ఖాళీ అయిన వాహకాన్ని పొర దగ్గరికి తిరిగి పంపుతుంది.

ఊళ్లోని పాలకేంద్రాన్ని తలచుకోండి. పాలు నింపిన క్యాన్లు పట్నం వెళ్లి ఖాళీ చేయించుకుని తిరిగి వస్తేనే మర్నాడు మళ్లీ నింపగలరు. పట్నంలో పాలు అమ్ముడుపోక క్యాన్లు ఆగిపోతే ఊళ్లో పాలు పోయించుకోవడమూ ఆగిపోతుంది. అంతమాత్రాన పాలు పట్నంలో పుడుతున్నాయని ఎవరూ అనరు. కార్బన్ డయాక్సైడ్ తక్కువైనప్పుడు కాల్విన్ వలయం నెమ్మదిస్తుంది, ఎన్‌ఏడీపీహెచ్ ఖాళీ కాదు, ఎలక్ట్రాన్లకు చోటు దొరకదు, నీరు విడిపోవడం మందగిస్తుంది. సోడా వేస్తే ఆ అడ్డంకి తొలగుతుంది. బుడగల వేగాన్ని కార్బన్ డయాక్సైడ్ మార్చగలదు, కానీ బుడగలోని ఆక్సిజన్ నీటిదే. హిల్ ఇచ్చిన ఇనుప లవణం చేసిన పని కూడా ఇదే, ఖాళీ వాహకం చోటును అది తీసుకుంది.

ఇంత తెలిశాక తిప్పి అడిగే ప్రశ్నలు తేలికవుతాయి. ఉదాహరణకు, వెలుగులో ఉన్న శైవలానికి హఠాత్తుగా దీపం ఆర్పేశారు. ఏమవుతుంది? ఆక్సిజన్ రావడం దాదాపు వెంటనే ఆగిపోతుంది. అప్పటికే తయారై ఉన్న కాస్త ఏటీపీ, ఎన్‌ఏడీపీహెచ్‌లు అయిపోయేదాకా కాల్విన్ వలయం కొన్ని క్షణాలు కదులుతుంది. కార్బన్ డయాక్సైడ్ కలిసినప్పుడు మొదట పుట్టే ఫాస్ఫోగ్లిసరిక్ ఆమ్లాన్ని ముందుకు నడిపించడానికి ఆ రెండూ కావాలి కాబట్టి, అది ముందుకు పోలేక పేరుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే ఐదు కార్బన్ల చక్కెర మాత్రం తరిగిపోతుంది. దీపం ఉంచి కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గిస్తే ఇందుకు సరిగ్గా తలకిందులుగా జరుగుతుంది. ఐదు కార్బన్ల చక్కెర పేరుకుంటుంది, ఆమ్లం తగ్గుతుంది. కాల్విన్ బృందం శైవలం మీదే ఈ రెండూ చూసింది. రెండు సందర్భాల్లోనూ ఆక్సిజన్ తగ్గుతుంది, కాబట్టి ఆక్సిజన్‌ను ఒక్కదాన్నే చూసి ఏ అంచె ఆగిందో చెప్పలేం. పేరుకున్నది ఏదో చూడాలి.

ఇక చీకటి చర్యలు రాత్రి జరుగుతాయనే భ్రమ. వాటికి వెలుగు నేరుగా అక్కర్లేదు, అంతే. ఆ వలయంలోని కొన్ని ఎంజైములను పగటి వెలుగే మేల్కొలుపుతుంది, రాత్రికి అవి మందగిస్తాయి. వాటికి కావలసిన ఏటీపీ, ఎన్‌ఏడీపీహెచ్‌లూ రాత్రి రావు. కలబంద, అనాస, నాగజెముడు లాంటి మొక్కలు రాత్రి పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి, నిజమే. కానీ దాన్ని మాలిక్ ఆమ్లంగా దాచుకుని పగలే చక్కెర చేస్తాయి. ఆక్సిజన్ కూడా పగలే వస్తుంది. రావిచెట్టు రాత్రంతా ఆక్సిజన్ ఇస్తుందని మన ఊళ్లలో పెద్దలు నమ్మకంగా చెబుతారు. నీటిని విడదీయడానికి వెలుగు కావాలి కాబట్టి రాత్రి ఏ చెట్టూ ఆక్సిజన్ ఇవ్వలేదు. రావి కూడా రాత్రి మనలాగే ఆక్సిజన్‌ను తీసుకుంటూ ఊపిరి తీస్తుంది.

ఒక సందేహం ఇంకా మిగులుతుంది. థైలకాయిడ్ సంచిలో పుట్టిన ఆక్సిజన్ బయటికి రావాలంటే స్ట్రోమాను దాటాలి కదా, అప్పుడు స్ట్రోమాలో విడుదలైనట్టు కాదా? కాదు. స్ట్రోమా దానికి దారి మాత్రమే. పైగా కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకోవలసిన రుబిస్కో ఎంజైము ఒక్కోసారి పొరపాటున ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. అంటే స్ట్రోమా ఆక్సిజన్‌ను ఇవ్వకపోగా కొంత ఖర్చుపెడుతుంది కూడా. ఎండ ఎక్కువై ఆకు వేడెక్కిన కొద్దీ ఈ నష్టం పెరుగుతుంది.

ఈ రెండు అంచెల ఎడబాటును ఆకులోనే చూడాలంటే తెలంగాణ, రాయలసీమ చేలలో పెరిగే జొన్న చాలు. జొన్న ఆకును అడ్డంగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే ఈనెల చుట్టూ పెద్ద కణాల తొడుగు ఒకటి, దాని చుట్టూ పత్రాంతర కణాలు కనిపిస్తాయి. పత్రాంతర కణాల హరితరేణువుల్లో థైలకాయిడ్ దొంతరలూ ఫోటోసిస్టమ్-2 నిండుగా ఉంటాయి. కార్బన్ డయాక్సైడ్‌ను మొదట నాలుగు కార్బన్ల ఆమ్లంగా పట్టుకుని తొడుగు కణాలకు పంపేవీ అవే. రుబిస్కో, కాల్విన్ వలయం ఉండేది తొడుగు కణాల్లో. ఆ కణాల హరితరేణువుల్లో దొంతరలు దాదాపు ఉండవు, ఫోటోసిస్టమ్-2 చాలా తక్కువ. చక్కెర తయారయ్యే ఆ కణాల్లో ఆక్సిజన్ పుట్టడం లేదనే చెప్పాలి. చుట్టూ ఆక్సిజన్ తక్కువగా ఉండటం వల్ల రుబిస్కో పొరబడటమూ తగ్గుతుంది. మండే ఎండల్లోనూ జొన్న తట్టుకుని ఎదగడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.